బ్రాండ్ పుట్టుక కథ
ఒక వ్యాపార సంస్థ తాను ఎలా మొదలైందో ప్రజలకు చెప్పుకొనే కథనాన్ని బ్రాండ్ పుట్టుక కథ అంటారు. ఇందులోకి కల్పన ఎలా చొరబడుతుందో అమెరికాకు చెందిన ఈబే ఉదంతం చూపుతుంది. 1995లో పియరీ ఒమిడ్యార్ ఇంటర్నెట్ వేలం సైటును ప్రారంభించింది, కాబోయే భార్య తాను సేకరించే పెజ్ మిఠాయి డబ్బీలను ఇచ్చిపుచ్చుకోవడానికేనని చాలాకాలం ప్రచారంలో ఉండేది. నిజానికి కొనేవారూ అమ్మేవారూ సమాన స్థాయిలో పాల్గొనే విపణిని నిర్మించాలన్నది ఆయన ఉద్దేశం. విలేకరులకు అది చప్పగా తోచడంతో, ప్రచార వ్యవహారాలు చూసే మేరీ లూ సాంగ్ 1997లో ఈ కథను అల్లారని 2002లో వెలువడిన ఆడమ్ కోహెన్ పుస్తకం వెల్లడించింది. ఒమిడ్యార్‌కు కాబోయే భార్య డబ్బీలు సేకరించిన మాట నిజమే. అబద్ధమల్లా దాన్నే కారణంగా చూపడంలో ఉంది, ఇలాంటి కథలు త్వరగా పట్టుబడకపోవడమూ అందుకే. చిక్కుపడిన కారణాలన్నీ ఒకే మనిషిలోకి, ఒకే కోరికలోకి ఒదిగిపోయినప్పుడు కథను అనుమానించవలసి ఉంటుంది. నిజాయితీగా రాసేవారు తొలినాటి ఉత్తరాలతో, లెక్కలతో తేదీలను సరిచూసి, తర్వాత జతపడిన సంగతిని తొలి ప్రేరణగా చెప్పకుండా విడదీస్తారు. ఈబే చేతిలో అటువంటి నిజమైన వివరం లేకపోలేదు: తొలి రోజుల్లో ఒమిడ్యార్ వేలానికి పెట్టిన పాడైన లేజర్ పాయింటరును, అది పనిచేయదని తెలిసే ఒకరు 14.83 డాలర్లకు కొనుక్కున్నారు.