మూడు సిలల శేషం

గుడి గిడ్డంగిలో ధాన్యం లెక్క తప్పని కనిపెట్టిన ఒక లేఖకుడి మీద చిన్న కథ రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. అలాంటి కథకి ముందుగా ఒక తప్పు కావాలి. కల్పించి పెట్టొచ్చు గానీ, నిజంగా ఎవరో చేసిన తప్పు ఒకటి మట్టి పలక మీద మిగిలే ఉంది.

దక్షిణ ఇరాక్‌లో ఇప్పుడు ఫారా అని పిలిచే దిబ్బ ఒకప్పటి సుమేరియన్ల నగరం షురుప్పాక్. అక్కడ దొరికిన క్రీ.పూ. 2600 ప్రాంతపు పలకల్లో రెండింటి మీద ఒకటే లెక్క ఉంది. ఒక గాదెడు బార్లీ; మనిషికి 7 సిలలు; ఎంతమందికి వస్తుంది? సిల అంటే దాదాపు ఒక లీటరు. మనకి కుంచం, తూము, పుట్టి ఉన్నట్టే వాళ్ళకీ కొలతల మెట్లున్నాయి. 480 సిలలు ఒక గుర్, 2400 గుర్‌లు ఒక గాదె. అంటే గాదెలో 11,52,000 సిలలు.

మొదటి పలక జవాబు: 1,64,571 మంది, మిగిలింది 3 సిలలు. సరైన లెక్క. రెండో పలక జవాబు: 1,64,160 మంది. మిగులు మాటే లేదు.

ఇవి గిడ్డంగి చిట్టాలు కావు, లెక్క నేర్చుకోవడానికి చేసినవనే నాకూ అనిపిస్తుంది. నిజం గాదె ఇంత గుండ్రంగా నిండదు, ఒకే రోజు అంతమంది వరసలో నిలబడరు. కానీ ఈ చదువు ఎందుకంటే రేపు గిడ్డంగిలో కూర్చోవడానికే. అందుకే నా కథలో ఆ రెండో పలకని గుడి గిడ్డంగికి తీసుకెళ్ళాను.

అక్కడ పెద్ద లేఖకుడు కూర్చుని ఉంటాడు. కుర్రాడు పలక తెచ్చి చేతిలో పెడతాడు. మట్టి ఇంకా తడిగానే ఉంది. సుమేరియన్లు 10, 60, 600, 3600, 36,000 చొప్పున లెక్కపెట్టేవాళ్ళు, ఒక్కోదానికి ఒక్కో గుర్తు. కుర్రాడి సంఖ్యలో నాలుగు ముప్పయ్యారు వేలు, అయిదు మూడువేల ఆరువందలు, మూడు ఆరువందలు, ఆరు అరవైలు. అక్కడితో సరి. పదులు లేవు, ఒకట్లు లేవు.

పెద్దాయన కూడికలేమీ చెయ్యడు. "శేషం ఏదిరా?" అంటాడు.

"రాలేదండీ. సరిగ్గా సరిపోయింది."

"ఏడుతో పంచితే సరిపోవడమేంట్రా?"

కథకి గుండెకాయ ఈ ప్రశ్నే. వాళ్ళ కొలతలన్నీ 2, 3, 5లని హెచ్చించుకుంటూ వచ్చినవి. 60 అలాగే, 480 అలాగే, 2400 అలాగే. అందులో ఎక్కడా 7 లేదు. నాలుగుతోనో ఆరుతోనో పంచితే గాదె చక్కగా తెగుతుంది. ఏడుతో మాత్రం ఏదో కొంచెం మిగిలి తీరాలి. మిగల్లేదంటేనే లెక్క తప్పు. ఎంత తప్పో తర్వాత చూసుకోవచ్చు.

ఇద్దరూ కూర్చుని మళ్ళీ చేస్తారు. ఒక గుర్‌ని పంచితే 68 మందికి వస్తుంది, 4 సిలలు మిగులుతాయి. 2400 గుర్‌లకి 1,63,200 మంది, మిగులు 9600 సిలలు. ఆ మిగులుని మళ్ళీ ఏడుతో పంచితే ఇంకో 1371 మంది, చివరికి 3 సిలలు. కుర్రాడి జవాబులోంచి 1,63,200 తీసేస్తే 960 ఉంటుంది. అతనూ ఈ దారినే వచ్చాడనుకుంటే మొదటి సగం బాగానే చేశాడు. మిగులుని పంచే దగ్గర, 1371 రావాల్సిన చోట, 960 వేసి ఊరుకున్నాడు.

తేడా 411 మంది. లక్షల్లో అదెంత అనిపిస్తుంది. కానీ కుర్రాడి లెక్క ప్రకారం పంచితే గాదెలో 2880 సిలలు, అంటే సరిగ్గా ఆరు గుర్‌ల బార్లీ, ఏ మనిషి పేరనా లేకుండా ఉండిపోతుంది. పలక మీద చూస్తే గాదె ఖాళీ. ఆ ఆరు గుర్‌లూ రాత్రికి రాత్రి ఎవరైనా మోసుకుపోయినా పలక తప్పుపట్టదు. ఇవతల 411 మందికి మాత్రం ఉత్త సంచే.

మొదటి పలక రాసినవాడు మూడు సిలలని ఎందుకు వదిలెయ్యలేదో నాకు ఇక్కడే అర్థమైంది. పదకొండు లక్షల పైచిలుకు సిలల్లో మూడు సిలలు ఎలకలు తినే పాటి కూడా కాదు. కానీ ఆ మూడూ రాస్తేనే, ఇంకొకడు మనుషుల్ని ఏడుతో హెచ్చించి, మూడు కలిపి, గాదె మొత్తం వచ్చిందో లేదో చూడగలడు.

నా కథలో పెద్దాయన కుర్రాణ్ణి తిట్టడు. తడి మట్టిని బొటనవేలితో చదును చేసి పలక వెనక్కిస్తాడు. కుర్రాడు రెల్లుపుల్ల తీసుకుని సంఖ్య మళ్ళీ గుచ్చుతాడు. ఈసారి పదులూ ఒకటీ కూడా వస్తాయి. కింద కొంచెం చోటు వదిలి, మూడు సిలలు రాస్తాడు.

అసలు పలకని మాత్రం ఎవరూ చదును చెయ్యలేదు. ఆ 1,64,160 ఇంకా అలాగే ఉంది.