హెబియస్ కార్పస్: ‘బాడీ’ని తెమ్మని కోర్టును అడిగితే ఏం అడిగినట్టు?

శుక్రవారం పొద్దున ఖమీస్ ముషైత్‌లో మా రూము సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఒకరు బట్టలు ఉతుకుతుంటారు, ఒకరు వంట, మిగిలినవాళ్లు ఇంటికి ఫోన్లు. ఆ సందడిలో నిజామాబాద్ తమ్ముడు ఫోన్‌లో ఏదో వార్త చదువుతూ అడిగిండు: “అన్నా, హైకోర్టుల హెబియస్ కార్పస్ వేసిన్రట. కార్పస్ అంటే బాడీ అంటున్నరు. అంటే ఆ మనిషి చచ్చిపోయిండా?”

రూములో ఎవరూ నవ్వలేదు. మనకు ఇక్కడ బాడీ అంటే పెట్టెలో ఊరికి పోయేదే కదా. ఈ వారం ఎపిసోడ్ ఆ ప్రశ్నలోంచే పుట్టింది. ఆడియోలో గబగబా చెప్పేసిన విషయాన్ని ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మాట అర్థం చూద్దాం. ఇది లాటిన్. ‘కార్పస్’ అంటే దేహం, కానీ ఇక్కడ బతికున్న మనిషి దేహం. ‘హెబియస్’ అంటే ‘నీ దగ్గర ఉండాలి’. రెండూ కలిపితే ‘ఆ దేహం నీ వెంట ఉండాలి’ అని, అంటే ‘ఆ మనిషిని నువ్వు తీసుకుని రా’ అని. ఇందులో గమనించాల్సింది ఆ ‘నువ్వు’. అది జైల్లో ఉన్నవాణ్ని అన్నమాట కాదు, పిటిషన్ వేసిన తల్లినో అన్ననో అన్నదీ కాదు. ఆ మనిషిని పట్టి ఉంచినవాడెవడో వాణ్ని ఉద్దేశించి కోర్టు అంటున్న మాట అది. జైలు సూపరింటెండెంట్ కావచ్చు, ఎస్ఐ కావచ్చు, ప్రైవేటు మనిషి కూడా కావచ్చు.

తమాషా ఏంటంటే, పాత ఇంగ్లండులో ఈ ఆర్డరు విడిపించడానికి పుట్టింది కాదు. కేసులో హాజరు కాని మనిషిని పట్టుకొచ్చి కోర్టులో నిలబెట్టమని అధికారికి ఇచ్చే హుకుం అది. ఆ తర్వాత, కొన్ని వందల ఏళ్లలో, అదే ఆర్డరు తిరగబడి పట్టుకున్నవాడినే ప్రశ్నించే సాధనంగా మారింది.

ఆ మార్పు ఎంత దూరం పోయిందో ఒక్క కేసు చెబుతుంది. జేమ్స్ సోమర్సెట్ అనే నల్లజాతి బానిసను యజమాని అమెరికా నుంచి లండన్ తీసుకొచ్చాడు. 1771లో అతను పారిపోయాడు. మళ్లీ పట్టుకుని, జమైకాలో అమ్మేయడానికి ఒక ఓడలో గొలుసులతో కట్టేశారు. అతనికి బాప్తిస్మం సమయంలో సాక్షులుగా నిలబడినవాళ్లు కోర్టుకు పోయారు. జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ హెబియస్ కార్పస్ జారీ చేశాడు. ఎవరికి? యజమానికి కాదు, ఓడ కెప్టెన్‌కి, ఎందుకంటే మనిషి ఉన్నది అతని చేతిలో. కెప్టెన్ సోమర్సెట్‌ను తెచ్చి, ఇతను ఫలానా ఆయన బానిస కాబట్టి ఉంచుకున్నానని జవాబు ఇచ్చాడు. 1772 జూన్ 22న జడ్జి ఆ కారణం ఇంగ్లండు చట్టంలో చెల్లదన్నాడు. సోమర్సెట్ నడుచుకుంటూ బయటికి వచ్చాడు.

ఇప్పుడు మన విశాఖపట్నం రండి. శ్రీకాకుళం నక్సలైట్ ఉద్యమం తర్వాత పార్వతీపురం కుట్ర కేసు నడిచింది. అందులో ముద్దాయిల్లో నక్సల్బరీ నాయకుడు కానూ సన్యాల్ ఒకరు. ఆయన్ను ముందు బెంగాల్లో పట్టుకుని డార్జిలింగ్ జైల్లో పెట్టారు, తర్వాత ఈ కేసు కోసం విశాఖ సెంట్రల్ జైలుకు తెచ్చారు. ఆయన సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. అప్పుడొక ప్రశ్న లేచింది: మాట అర్థమే ‘దేహాన్ని తీసుకురా’ కదా, మరి విశాఖ నుంచి ఢిల్లీకి మనిషిని తేకుండా ఈ కేసు వినొచ్చా?

1973 సెప్టెంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం వినొచ్చని చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ పి.ఎన్. భగవతి. ఈ రిట్ చరిత్రంతా తవ్వి ఆయన తేల్చింది ఏమిటంటే, మనిషిని ఎదురుగా నిలబెట్టడం ఒక పద్ధతి మాత్రమే, ప్రాణం అందులో లేదు. ఆ నిర్బంధానికి చట్టం ఉందా లేదా అని విచారించడమే అసలు పని. పట్టి ఉంచినవాడు కాగితం మీద కారణం చెప్పాలి, కోర్టు దాన్ని పరీక్షించాలి. కారణం చెల్లకపోతే మనిషిని చూడకుండానే వదిలేయమనొచ్చు.

నా మటుకు ఈ తీర్పే ఆ లాటిన్ మాటకు సరైన అనువాదం. అడుగుతున్నది ‘నన్ను వదలండి’ అని కాదు, ‘నేను తప్పు చేయలేదు’ అని అంతకన్నా కాదు. ‘నన్ను ఏ అధికారంతో పట్టుకున్నావో ఇతనితో చెప్పించండి’ అని.

అందుకే గెలుపు ఖాయం కాదు. 1974 ఫిబ్రవరిలో కానూ సన్యాల్ పిటిషన్ కొట్టేశారు. డార్జిలింగ్‌లో తనను ఉంచిన తీరు తప్పని ఆయన వాదన. కోర్టు దాన్ని తేల్చే పనే పెట్టుకోలేదు: ఇప్పుడు నువ్వు డార్జిలింగ్‌లో లేవు, విశాఖలో ఉన్నావు, ఇక్కడ స్పెషల్ జడ్జి ఆర్డరు ఉంది, అది చెల్లుతుంది అంది. చాలా కేసులు ఇక్కడే పోతాయి. పోలీసులు పట్టుకుని నాలుగు రోజులు ఎక్కడో ఉంచుతారు. ఇంట్లోవాళ్లు పిటిషన్ వేయగానే మెజిస్ట్రేట్ ముందు పెట్టి రిమాండ్ ఆర్డరు తెస్తారు. దాంతో చేతిలో కాగితం వస్తుంది, పిటిషన్ ముగిసిపోతుంది. ఆ నాలుగు రోజుల సంగతి వేరే కేసు. అయినా మనిషి బతికున్నాడని, ఎక్కడున్నాడని తెలిసిందంటే ఇంటికి అదే పెద్ద విషయం.

తమ్ముడి రెండో ప్రశ్న ఇది: “మరి నన్ను ఇక్కడ పట్టుకుంటే, మా అమ్మ హైదరాబాద్‌ల వేస్తే వస్తనా?”

రావు తమ్మీ. ఆ ‘నువ్వు’ అనే మాట గుర్తు తెచ్చుకో. హైదరాబాద్ హైకోర్టు ‘నువ్వు’ అనాలంటే ఎదుటివాడు ఆ కోర్టు మాట వినాల్సినవాడై ఉండాలి. ఖమీస్ జైలు అధికారికి, ఇక్కడి కఫీల్‌కి ఆ ఆర్డరు అంటదు. సౌదీలో హెబియస్ కార్పస్ అనే పేరుతో రిట్ లేదు. ఇక్కడి మూల చట్టం 36వ అధికరణం చట్టం ప్రకారం తప్ప ఎవరినీ పట్టి ఉంచకూడదని అంటుంది. అది పౌరులతో పాటు ఇక్కడ ఉండే పరదేశీలకూ వర్తిస్తుంది. కానీ దాన్ని అడగాల్సింది ఇక్కడి ప్రాసిక్యూషన్‌ని, ఇక్కడి కోర్టుని.

అమ్మ అక్కడ అడగగలిగేది మరొకటి ఉంది, దాని పేరు మాండమస్. అది కూడా లాటినే, ‘ఆజ్ఞాపిస్తున్నాం’ అని అర్థం. హైకోర్టు మాట విదేశాంగ శాఖ వినాలి. కాబట్టి మా వాడు ఏ జైల్లో ఉన్నాడు, ఏ కేసు మీద ఉన్నాడు, కాన్సులేట్ వాళ్లు పోయి చూసిరావాలి అని అడగొచ్చు. మన అసీర్ ప్రాంతం జెద్దా కాన్సులేట్ కిందికి వస్తుంది.

దీనికి ఇంకో తోడు 1963 నాటి వియన్నా ఒప్పందం. విచిత్రంగా అందులోనూ అది 36వ అధికరణమే. పట్టుకున్న విదేశీయుడు అడిగితే ఆలస్యం చేయకుండా అతని దేశపు కాన్సులేట్‌కు చెప్పాలి అంటుంది. ‘అడిగితే’ అని ఉంది, చూడండి. అడగకపోతే ఆ పని వాళ్ల మీద పడదు. అరబీ రాకపోయినా ‘ఇండియన్ కాన్సులేట్’ అన్న రెండు మాటలు చాలు.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. కఫీల్ పాస్‌పోర్ట్ దాచాడని ఒకాయన హెబియస్ కార్పస్ వేయిస్తానన్నాడు. పాస్‌పోర్ట్ కార్పస్ కాదు. దానికి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు వేరే ఉంటుంది. అదే మనిషిని గదిలో పెట్టి బయట తాళం వేస్తే అది నిర్బంధం, దానికి పోలీసులకు చెప్పాలి.

తమ్ముడు అంతా విని, పాస్‌పోర్ట్, ఇఖామా రెండూ ఫోటో తీసి ఇంటికి పంపిండు. నేను ఇంకో వివరం కూడా రాసి పంపమన్నా: రూము ఏ వీధిలో ఉందో, పక్కన ఏ మసీదు ఉందో. పిటిషన్‌లో మొదటి పేరాలోనే ఆఖరిసారి ఎక్కడ కనబడ్డాడని అడుగుతారు. ఆ ఒక్క గడి ఖాళీగా ఉంటే ఎవరిని ‘నువ్వు’ అనాలో కోర్టుకు తెలియదు.