సాయంత్రం నాలుగింటికే చీకటి

పొగాకు పండించే రైతుకు ఆకు కావాలి, పువ్వు అక్కర్లేదు. మొక్క తలన మొగ్గ కనిపించగానే తుంచేస్తాడు. 1906లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఆ తుంచే పని కూడా లేని మొక్క ఒకటి పుట్టుకొచ్చింది. తోటి మొక్కలన్నీ ఇరవై చిల్లర ఆకులకే పూతకు వస్తుంటే, ఇది ఆగకుండా ఎదుగుతూనే పోయింది. పది పన్నెండు అడుగుల ఎత్తు, దాదాపు నూరు ఆకులు. దానికి మేరీలాండ్ మామత్ అని పేరు పెట్టారు.

చిక్కల్లా విత్తనం దగ్గర వచ్చింది. పువ్వు లేకపోతే గింజ లేదు, గింజ లేకపోతే వచ్చే ఏటికి నారు లేదు. పూత కోసం ఎదురుచూస్తుండగానే మంచు పడి మొక్క చచ్చిపోయేది. అందుకని మొదళ్లను పెళ్లగించి వెచ్చని గాజుగదిలోకి మార్చారు. అక్కడ చలికాలం నడిమధ్య ఆ మొదళ్ల నుంచి వచ్చిన చిగుళ్లు నిక్షేపంగా పూశాయి. చలికాలంలో కుండీల్లో మొలిపించిన మొక్కలైతే ఇంకా చిన్నగా ఉండగానే పూశాయి. అదే గింజను వేసవిలో చేలో వేస్తే మళ్లీ తాటిచెట్టు వరసే.

ఈ సంగతి పట్టుకుని కూర్చున్నవాళ్లు ఇద్దరు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే వైట్‌మన్ గార్నర్, హ్యారీ అలార్డ్. వాళ్ల పొలం వాషింగ్టన్ పక్కన నది అవతల ఉన్న ఆర్లింగ్టన్ ఫార్మ్. ఆ నేల మీదే తర్వాత పెంటగాన్ లేచింది కాబట్టి ఇప్పుడు వెళ్లి చూద్దామన్నా మడి ఆనవాలు దొరకదు.

వాళ్ల ముందు ఇంకో చిక్కుముడి కూడా ఉంది. బైలాక్సీ అనే సోయా రకాన్ని వసంతం నుంచి కొన్ని వారాల తేడాతో విడతలు విడతలుగా విత్తారు. ముందు విత్తింది ముందు పూయాలి కదా? పూయలేదు. అన్ని విడతలూ ఇంచుమించు ఒకేసారి, సెప్టెంబరులో పూశాయి. మొదట వేసింది నాలుగు నెలలు కాచుకుని కూర్చుంది. చివర వేసింది రెండు నెలలకే పని ముగించింది. వయసుతో నిమిత్తం లేకుండా ఏదో ముహూర్తం కోసం అన్నీ కలిసి ఎదురుచూసినట్టుంది.

ఆ ముహూర్తం పెట్టేది ఎవరు? ఎరువు మార్చి చూశారు, నీళ్లు తగ్గించి చూశారు. గాజుగదిలో వేసవి వేడి పెట్టినా చలికాలంలో పూత వచ్చేసింది కాబట్టి చలి వల్ల కాదని తేలింది. నీడ కట్టి వెలుతురు తగ్గించినా మొక్క మనసు మారలేదు. వేసవికీ చలికాలానికీ మధ్య ఇక మిగిలిన తేడా ఒక్కటే, పగటి పొడవు. వాషింగ్టన్ దగ్గర జూన్‌లో పగలు దాదాపు పదిహేను గంటలు, డిసెంబరులో తొమ్మిదిన్నర. వెలుతురు ఎంతసేపు ఉందన్నదాన్ని ఒక పిచ్చిమొక్క లెక్కపెడుతుందంటే ఆ రోజుల్లో నమ్మడం కష్టం. వెలుతురు మొక్కకు తిండి, అంతే అనుకునేవారు. అందుకే ఈ అనుమానం అన్నిటికన్నా చివరికి మిగిలింది.

1918 జూలై 10. గాలి ఆడేలా కట్టిన చిన్న చీకటి కొట్టంలోకి, ఒక పెట్టెలో పెరుగుతున్న సోయా మొక్కలనూ మూడు కుండీల మేరీలాండ్ మామత్ పొగాకునూ సాయంత్రం నాలుగు గంటలకు చేర్చి తలుపు వేశారు. బయట ఎండ ఇంకా చురుక్కుమంటోంది. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి బయట పెట్టారు. మళ్లీ నాలుగింటికి లోపలికి. రోజూ ఇదే తంతు. నిండు వేసవిలో ఆ మొక్కలకు దక్కిన పగలు ఏడు గంటలు. పక్కనే, అవే కుండీలు, అదే మట్టి, పగలంతా ఎండలో ఉన్న మొక్కలు పోల్చి చూడటానికి.

కొట్టంలోకి వెళ్లొస్తున్న పొగాకు మొగ్గ తొడిగింది. బయట ఉన్నది ఆకులు వేస్తూనే ఉంది. సోయా కాయలు కూడా బయటివాటికన్నా ముందే పండాయి. అటుపైన వాళ్లు తిరగేసి కూడా చూశారు. చలికాలంలో గాజుగదిలో అర్ధరాత్రి దాకా బల్బులు వెలిగించి పగటిని సాగదీస్తే, ఆ కాలంలో తప్పక పూయాల్సిన మామత్ పూయడం మానేసింది. ఆ బల్బుల వెలుగు ఎండతో పోలిస్తే లెక్కలోకి రానంత మసక. తిండి కోసమైతే అంత మసక వెలుగు ఎందుకూ చాలదు. మొక్క ఇక్కడ వెలుతురును తినడం లేదు, కాలం చూసుకుంటోంది.

పంటలన్నీ ఒక దారిన నడవలేదు. ముల్లంగి అచ్చం వ్యతిరేకం. పొట్టి పగళ్లలో నేలకు అంటుకుని ఆకులు వేసుకుంటూ కూర్చునేది, పగలు సాగితే కాడ ఎత్తి పూసేది. గోధుమా ఈ జట్టే. టమాటా లాంటివి ఏ పగటినీ ఖాతరు చేయవు. 1920లో అచ్చయిన పెద్ద వ్యాసంలో ఇద్దరూ దీనికి ఫోటోపీరియాడిజం అని పేరు పెట్టారు. మన కాలేజీ పుస్తకాల్లో కాంతికాలావధి అంటారు. పొట్టి పగటి మొక్కలు, పొడుగు పగటి మొక్కలు అన్న విభజన అప్పటిదే.

ఆ పేర్లతోనే నా పేచీ.

గార్నర్, అలార్డ్‌ల కంటే ముందే పారిస్‌లో జూలియన్ టూర్న్వా అనే యువకుడు గంజాయి మొక్క మీద, హాప్స్ జాతి తీగ మీద ఇదే పని మొదలుపెట్టాడు. రోజుకు కొద్ది గంటలే వెలుతురు చూపిస్తే అవి పసిమొక్కలుగా ఉండగానే పూస్తున్నాయని గమనించాడు. 1914లో అతను రాసిన మాట ఇంకా లోతైనది. ఈ తొందర పూతకు కారణం పగళ్లు పొట్టివి కావడం కన్నా రాత్రులు పొడుగు కావడమే అన్నాడు. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఆ మాటను పట్టించుకునేవాళ్లు లేకపోయారు. కొట్టం తలుపు వేసి సాధించింది రాత్రిని పెంచడమే అయినా, పేరు మాత్రం పగటికి దక్కింది. గడియారంలో ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతుంది కాబట్టి ఆ తేడా ఎవరికీ అవసరం పడలేదు.

దాన్ని విడదీసింది 1938లో షికాగో విశ్వవిద్యాలయంలో కార్ల్ హామ్నర్, జేమ్స్ బానర్. వాళ్లు ఎంచుకున్న మొక్క మనకు తెలిసినదే. చేల గట్ల మీద పెరిగి, పంచెకూ గొర్రెల బొచ్చుకూ ముళ్లకాయలు అంటించే మరులమాతంగి. ఒకే ఒక్క పొడుగు రాత్రి చూపించినా పూతకు దిగుతుంది కాబట్టి ప్రయోగానికి అంత అనువైన మొక్క ఇంకోటి లేదు. దానికి కావలసింది ఎనిమిదిన్నర గంటలకు మించిన ఎడతెగని చీకటి. పగటి మధ్య కాసేపు చీకటి చేశారు, ఏమీ కాలేదు. రాత్రి మధ్య ఒక్క నిమిషం దీపం వేశారు. పూత ఆగిపోయింది.

ఒక్క నిమిషం. ఆ నిమిషం వల్ల పగలు పొడవైందని ఎవరూ అనలేరు. రాత్రి మాత్రం రెండు ముక్కలైంది. మొక్క కొలిచేది తెంపు లేని చీకటినే అని తేలిపోయింది. పొడుగు పగటి మొక్కల్లో ఇదే తిరగబడుతుంది. నడిరాత్రి దీపం వాటిని పూతకు తెస్తుంది. టూర్న్వా మాట నిలబడేసరికి అతను పోయి ఇరవై నాలుగేళ్లు.

పాత పేర్లు ఎంత తికమక పెడతాయో ఈ మరులమాతంగి దగ్గరే చూడొచ్చు. ఎనిమిదిన్నర గంటల చీకటి దాటితే చాలంటే, పదిహేను గంటల పగటిలోనూ అది పూస్తుందన్నమాట. అయినా దాన్ని పొట్టి పగటి మొక్క అనే అంటారు. పొడుగు పగటి మొక్కగా పేరుపడ్డ ఖురాసానీ వాముకు పగలు పదకొండు గంటలు దాటితే సరిపోతుంది. పదమూడు గంటల పగటిలో రెండూ పక్కపక్కనే పూస్తాయి. పగటి పొడవుకు ఫలానా గీత అంటూ ఏమీ లేదు. తన హద్దుకు రాత్రి అటు ఉందా ఇటు ఉందా అన్నదే ప్రతి మొక్కా చూసుకుంటుంది.

ఆ దీపాన్ని మొక్కలో ఏది చూస్తోందన్నది తర్వాతి కథ. మేరీలాండ్‌లోనే బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్, వాళ్ల సహచరులు రంగు రంగు వెలుగులు వేసి చూశారు. రాత్రిని తెంపడంలో ఎర్రని వెలుగును మించింది లేదు. కంటికి ఆనీ ఆనని ముదురెరుపు వెంటనే వేస్తే ఆ తెంపు చెరిగిపోయేది. ఎన్నిసార్లు మార్చి మార్చి వేసినా చివర ఏది వేస్తే దాని మాటే చెల్లేది. అలా అటూ ఇటూ తిరిగే వర్ణకాన్ని 1959లో పరికరంలో పట్టుకున్నారు. అదే ఫైటోక్రోమ్.

మన నేల మీద పగటి తేడా అంత పెద్దది కాదు. హైదరాబాద్‌లో జూన్ పగలు పదమూడుంపావు గంటలు, డిసెంబరు పగలు పదకొండు. ఆ రెండు గంటల తేడానే కంది కనిపెడుతుంది. జూన్‌లో విత్తిన కంది మనిషిని మించి పెరిగి, కొమ్మలు వేసి, రాత్రులు సాగాకే పూతకు వస్తుంది. అదే కందిని సెప్టెంబరు చివర రబీలో విత్తితే మొలిచేసరికే రాత్రులు పొడుగు. ఎదగకముందే పూస్తుంది, నడుము దాకా రావడమే ఎక్కువ. అందుకే రబీ కందికి సాలు దూరం తగ్గించి విత్తనం రెండు మూడింతలు పోయమంటారు. అది తెలియక ఖరీఫ్ కొలతలతోనే వేస్తే, సాళ్ల మధ్య ఖాళీ నేల కనిపిస్తుంది, దిగుబడి పోతుంది. తప్పు విత్తనానిది కాదు, దూరానిది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. పూత తేదీని రాత్రి ఒక్కటే తేల్చదు, చలీ వేడీ కూడా దాన్ని ముందుకో వెనక్కో జరుపుతాయి. రకాన్ని బట్టి కూడా మారుతుంది. తొందరగా కోతకొచ్చే కొన్ని కంది రకాలు రాత్రి లెక్కను అంతగా పట్టించుకోవు.

చామంతి రైతులకు ఈ కథంతా బల్బుల లెక్క. బెంగళూరు వైపు రాత్రి పూట బస్సులో వెళ్తుంటే దీపాలు వరసగా వెలిగే చేలు కనిపిస్తాయి. మొక్క కాడ కావలసినంత ఎత్తు ఎదిగేదాకా నడిరాత్రి కొన్ని గంటలు వెలుగు పెట్టి పూతను ఆపుతారు. ఎత్తు సరిపోయాక స్విచ్ ఆపేస్తారు. రాత్రి అతుక్కుని, మొగ్గ పడుతుంది. ఇక రాత్రులు పొట్టిగా ఉండే వేసవిలో పూలు కావాలంటే దారి ఒక్కటే. పాలీహౌస్‌లో మొక్కల మీద సాయంత్రమే నల్లగుడ్డ కప్పి, పొద్దున తీయాలి. ఒక్క చిరుగులోంచి వీధి దీపం పడినా ఆ చిరుగు కింది మొక్కలు పూయవు.