అగ్రామటిజం

అగ్రామటిజం అనేది మెదడు దెబ్బతినడం వల్ల భాషాశక్తి కుంటుపడే అఫేసియాలో కనిపించే ఒక లోపం. ఇది ఉన్న వ్యక్తి వస్తువుల పేర్లను చాలావరకు చెప్పగలిగినా, వాటిని వాక్యంగా కూర్చే వ్యాకరణ అంశాలను, అంటే విభక్తులను, క్రియాప్రత్యయాలను, సహాయక పదాలను వదిలివేస్తాడు లేదా ఒకదాని బదులు మరొకటి వాడతాడు. మాట ఆగి ఆగి, ప్రయాసతో, రెండు మూడు పదాల తునకలుగా వస్తుంది. ఎక్కువ సందర్భాల్లో దీనికి మూలం మెదడు ఎడమ అర్ధగోళపు ముందుభాగానికి రక్తప్రసరణ ఆగిపోవడం. వ్యాకరణంలో ఏ భాగం చెడింది, ఏది నిలిచింది అన్న ప్రశ్నకు పరిశోధకులు దాదాపు నూటయాభై ఏళ్లుగా ఇచ్చిన సమాధానాలే ఈ లోపం చరిత్ర.

పేరు, తొలి వివరణలు

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, 'టాన్' అన్న ఒక్క అక్షరం తప్ప దాదాపు మరేమీ పలకలేని లెబోర్న్ అనే రోగి మెదడును పరీక్షించి, ఎడమ లలాట ఖండంలో గాయాన్ని చూపించాడు. అయితే వాక్యాలే లేని ఆ మాటను బట్టి వ్యాకరణం గురించి తేల్చగలిగేది తక్కువ. వ్యాకరణ లోపాన్ని విడిగా గుర్తించి దానికి అగ్రామటిజం అన్న పేరు పెట్టినవాడు జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మౌల్. అది 1877 నాటి మాట. 1913లో ప్రాగ్‌కు చెందిన ఆర్నోల్డ్ పిక్ ఈ విషయంపై ఒక పూర్తి గ్రంథం ప్రచురించాడు. ఆ తర్వాత 1922లో మాక్స్ ఇసర్లిన్, మాట్లాడటమే కష్టమైన రోగి శ్రమ తగ్గించుకోవడానికి అత్యవసరమైన పదాలను మాత్రమే ఎంచుకుంటాడని, కాబట్టి ఇది టెలిగ్రామ్ రాసేవాడు పాటించే పొదుపు వంటిదేనని ప్రతిపాదించాడు.

ఈ వివరణ సరిపోదని సూచించిన పరిశీలన 1960లో వచ్చింది. ఇంగ్లీషులో బహువచనానికి, షష్ఠీ విభక్తికి, వర్తమానకాల ప్రథమ పురుష ఏకవచన క్రియకు ఒకే 'స్' ధ్వని చేరుతుంది. పలకడంలో శ్రమే కారణమైతే మూడింటిలోనూ తప్పులు ఒకే స్థాయిలో ఉండాలి. హెరాల్డ్ గుడ్‌గ్లాస్, జీన్ బెర్కో పరీక్షించినప్పుడు బహువచనపు 'స్' మిగతా రెంటికంటే బాగా నిలిచింది. అంటే తేడా ధ్వనిలో లేదు, ఆ ధ్వని వాక్యంలో చేసే పనిలో ఉంది.

అర్థం చేసుకోవడంలో లోపం

అగ్రామటిజం మాట్లాడటానికే పరిమితమని, విన్నది వీరికి బాగానే అర్థమవుతుందని చాలాకాలం భావించారు. 1976లో అల్ఫోన్సో కరమజ్జా, ఎడ్గర్ జూరిఫ్ ఈ నమ్మకాన్ని ఒక సులువైన పరీక్షతో కదిలించారు. వారు రోగులకు ఇంగ్లీషు వాక్యాలను వినిపించి, సరిపోయే బొమ్మను ఎంచమన్నారు. 'అబ్బాయి తింటున్న ఆపిల్ ఎర్రగా ఉంది' వంటి వాక్యంలో ఆపిల్ అబ్బాయిని తినదు కనుక పదాల అర్థమే దారి చూపిస్తుంది. 'ఎలుగుబంటి తన్నుతున్న గుర్రం గోధుమరంగులో ఉంది' వంటి వాక్యంలో ఎవరు ఎవరిని తన్నినా లోకంలో సాధ్యమే. ఇంగ్లీషులో దాన్ని తేల్చేది పదాల క్రమం, వాక్య నిర్మాణం మాత్రమే. మొదటి రకాన్ని బాగానే గ్రహించిన, అగ్రామటిజం తరచుగా కనిపించే బ్రోకా అఫేసియా ఉన్న ఆ రోగులు రెండో రకంలో ఊహించి చెప్పినంత మాత్రమే సరిగా చెప్పారు. దీంతో మాటకు, గ్రహణానికి ఆధారమైన వ్యాకరణ యంత్రాంగమే నశించిందన్న వాదం బలపడింది.

ఆ వాదమూ ఎక్కువకాలం నిలవలేదు. 1983లో మార్సియా లైన్‌బార్గర్, మిర్నా స్క్వార్ట్జ్, ఎలినార్ సాఫ్రన్ నలుగురు రోగులకు వాక్యాలు వినిపించి, అవి వ్యాకరణ సమ్మతమో కాదో చెప్పమన్నారు. అర్థగ్రహణంలో తడబడే ఆ రోగులే, పదం లోపించిన లేదా అనవసరమైన పదం చేరిన వాక్యాలను చాలావరకు సరిగ్గా పట్టుకున్నారు. నిర్మాణం గురించిన జ్ఞానం మిగిలే ఉందని, ఆ నిర్మాణాన్ని 'చేసినవాడు', 'చేయబడినవాడు' అన్న పాత్రలతో జతచేసే పనే దెబ్బతిన్నదని వారు సూచించారు. అదే ఏడాది గాబ్రియేలే మిచెలి బృందం, మాటలో అగ్రామటిజం ఉన్నా గ్రహణం చక్కగా ఉన్న ఇటాలియన్ రోగులను వర్ణించింది. మాట్లాడటంలోని లోపం, గ్రహణంలోని లోపం విడివిడిగా కూడా రాగలవని దీనివల్ల తేలింది.

వేర్వేరు భాషల సాక్ష్యం

అప్పటి నిర్వచనాల్లో ముఖ్యమైనది 'ప్రత్యయాలను వదిలివేయడం'. ఇది ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషల నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ప్రత్యయం తీసేసినా మిగిలిన ధాతువు నిండైన పదమే. హీబ్రూలో అలా కాదు. అక్కడ క్రియాధాతువు సాధారణంగా మూడు హల్లులు, వాటి మధ్య చేరే అచ్చులే కాలాన్ని చెబుతాయి. 'కతవ్' అంటే రాశాడు, 'కోతెవ్' అంటే రాస్తున్నాడు. అచ్చులను తీసేస్తే పలకడానికి పదమే ఉండదు. అందువల్ల హీబ్రూ రోగులు అచ్చులను వదిలివేయరు, ఒక రూపానికి బదులు మరో రూపం పలుకుతారు. 1984లో యోసెఫ్ గ్రోడ్జిన్‌స్కీ ఈ సంగతిని ఎత్తిచూపి, లోపం ఒకటే అయినా భాష అనుమతించిన మేరకే అది బయటపడుతుందని వాదించాడు. 1990లో లీజ్ మెన్, లొరేన్ ఓబ్లర్ 14 భాషల రోగుల కథనాలను ఒకచోట చేర్చి ప్రచురించిన మూడు సంపుటాలు ఇలాంటి పోలికకు పునాది వేశాయి.

కాలం, పురుషవచనాలు: ఒక ఉదాహరణ

వ్యాకరణం లోపలే గాయం ఎంచుకుని తాకుతుందనడానికి బాగా పరిశీలించిన ఉదాహరణ 1997లో నామా ఫ్రీడ్‌మన్, గ్రోడ్జిన్‌స్కీ వర్ణించిన, హీబ్రూ మాట్లాడే ఒక మహిళది. క్రియ రెండు విషయాలు చెబుతుంది. తెలుగులో 'వచ్చాడు', 'వస్తాడు' అన్న పదాలు కాలంలో వేరు, 'వచ్చాడు', 'వచ్చాను' అన్నవి పురుషలో వేరు. 'నిన్న' అని మొదలయ్యే వాక్యాన్ని భూతకాల క్రియతో పూర్తి చేయాల్సిన చోట ఆమె భవిష్యత్తునో వర్తమానాన్నో వాడేది. కానీ క్రియను కర్త లింగవచనాలతో కలపడంలో దాదాపు తప్పు చేయలేదు. ప్రశ్నలు, ఉపవాక్యాలు కూడా ఆమెకు కష్టమయ్యాయి.

పరిశోధకులు దీన్ని వాక్య నిర్మాణ సిద్ధాంతంలోని వృక్షంతో వివరించారు. ఆ వృక్షంలో కర్తతో క్రియ పొందిక కింది కొమ్మన, కాలం దానిపైన, ప్రశ్నలను, ఉపవాక్యాలను నడిపించే స్థానం అన్నిటికంటే పైన ఉంటాయి. కాలం దగ్గర వృక్షాన్ని కత్తిరిస్తే దానిపై ఉన్నదంతా పోతుంది, కింద ఉన్నది మిగులుతుంది. ఈ సిద్ధాంతం తననుతాను పరీక్షకు పెట్టుకోగలగడమే దాని బలం: కాలం చెడిన రోగిలో వృక్షం పైభాగం బాగుండకూడదు. 2004, 2005లలో మైకేలా వెన్‌జ్లాఫ్, హరాల్డ్ క్లాసెన్ జర్మన్ రోగులలో సరిగ్గా దీనికి విరుద్ధమైనది చూపారు. వారికి కాలం చెడింది, పొందిక నిలిచింది. అయినా జర్మన్ ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలోకి రావడం, అంటే వృక్షం పైభాగపు పని, చెక్కుచెదరలేదు. కాబట్టి కాలం పెళుసైనదన్న పరిశీలన నిలిచింది, కత్తిరింపు అన్న వివరణ మాత్రం అన్ని భాషలకూ సరిపోలేదు. కాలం మాటకు బయటి సమయాన్ని సూచిస్తుంది, పొందిక మాత్రం వాక్యంలోనే ఉన్న కర్తను చూసి కుదురుతుంది. కొందరు పరిశోధకులు తేడాకు ఇదే కారణమని భావిస్తారు.

మెదడులో స్థానం, నిర్ధారణకు హద్దులు

ఎడమ లలాట ఖండంలో బ్రోకా చూపిన ప్రాంతమే వ్యాకరణ నిలయమన్న సమీకరణకూ సాక్ష్యం ఎదురు నిలిచింది. 1978లో జే.పి. మోర్ బృందం, గాయం ఆ ప్రాంతానికే పరిమితమైతే శాశ్వతమైన బ్రోకా అఫేసియా రాదని, అందుకు చుట్టుపక్కలకు, లోతుకు వ్యాపించిన పెద్ద గాయం కావాలని చూపింది. 2007లో నీనా డ్రాంకర్స్ బృందం పారిస్‌లో భద్రపరచిన లెబోర్న్ మెదడును ఎంఆర్‌ఐతో చూసినప్పుడు, గాయం ఉపరితలాన్ని దాటి లోపలి తంతువులదాకా వెళ్లిందని తేలింది.

రోగులందరిని ఒకే గుంపుగా తీసుకోవడంలోనూ చిక్కుంది. 1989లో మిచెలి బృందం 20 మంది ఇటాలియన్ రోగుల మాటలను లెక్కించినప్పుడు, ఉపపదాలను, విభక్తి స్థానంలోని పదాలను వదిలే తీరు ఒక్కొక్కరిలో ఒక్కోలా, బాగా తేడాగా ఉంది. 'అగ్రామటిజం' అన్న ముద్ర వేశాక సగటు తీస్తే ఈ భేదాలు కనుమరుగవుతాయి. కనుక వ్యాకరణం మెదడులో ఒక్క ముద్దగా లేదన్నంతవరకు సాక్ష్యం గట్టిగానే ఉంది. దాని భాగాలు నిర్మాణ జ్ఞానంగా విడిపోతాయా, లేక ఆ జ్ఞానాన్ని సమయానికి అందుకునే శక్తిగా విడిపోతాయా అన్నది మాత్రం, ఒక్కో రోగిని విడిగా, మాటలోను గ్రహణంలోను తీర్పులోను కలిపి పరీక్షించినప్పుడే తేలుతుంది.