మెడలో ఇరుకు: చేతి పట్టు, కాలి నిలకడ తప్పించే జబ్బు పుట్టుపూర్వోత్తరాలు

మెడలోని ఏడు వెన్నుపూసల వెనుక, పై నుంచి కింది దాకా ఒక సొరంగం ఉంటుంది. మెదడు నుంచి చేతులకూ కాళ్లకూ ఆజ్ఞలు తీసుకువెళ్లే వెన్నుపాము అందులోంచే దిగుతుంది. పెద్దవారిలో ఈ సొరంగం ముందు నుంచి వెనక్కి దాదాపు 17 మిల్లీమీటర్లు ఉంటే, వెన్నుపాము మందం సుమారు 10 మిల్లీమీటర్లే. మిగిలిన జాగాలో పొరలు, ద్రవం ఉండి మెడ వంగినా తిరిగినా వెన్నుపాముకు దెబ్బ తగలకుండా కాపాడతాయి. మెడ అరుగుదల వల్ల ఆ జాగా పోయి వెన్నుపాము నొక్కుకుపోవడాన్ని వైద్యులు సర్వైకల్ మైలోపతి అంటారు.

వయసుతో పూసల మధ్య ఉండే డిస్కు ఎండి పలచబడుతుంది. ఆసరా తగ్గిన పూసల అంచులకు ఎముక మొలకలు వస్తాయి. వీటిలో వెనక్కి పెరిగినవి సొరంగంలోకి పొడుచుకొస్తాయి. అదే సమయంలో సొరంగం వెనుక గోడకు ఉండే పసుపుపచ్చ లిగమెంటు వదులై, తల వెనక్కి వాల్చినప్పుడు ముడతపడి లోపలికి ఉబుకుతుంది. వెన్నుపాము ముందు మొలకకూ వెనుక మడతకూ మధ్య చిక్కుకుంటుంది. మెడలో కదలిక ఎక్కువగా ఉండే అయిదు, ఆరు పూసల మధ్య ఇది తరచుగా జరుగుతుంది. నొక్కుడుతో పాటు, రోజూ వేలసార్లు జరిగే రాపిడి, రక్త ప్రసరణ తగ్గడం కూడా నరాల పోగులను దెబ్బతీస్తాయి.

ఈ సంగతి వైద్యులకు ఒక్కసారిగా తెలియలేదు. 1928లో అమెరికా శస్త్రవైద్యుడు బైరన్ స్టూకీ వెన్నుపామును ముందు నుంచి నొక్కుతున్న గడ్డలను వర్ణించి, వాటిని మృదులాస్థి కణుతులుగా భావించాడు. అవి కణుతులు కావని, వెనక్కి జారిన డిస్కు ముక్కలని 1934లో శస్త్రవైద్యులు మిక్స్‌టర్, బార్ పరిశోధనతో తేలింది. 1952లో లండన్ నాడీవైద్యుడు రసెల్ బ్రెయిన్, సహచరులతో కలిసి మరో తేడా చూపాడు: హఠాత్తుగా జారే డిస్కు వేరు, ఏళ్ల తరబడి సాగే అరుగుదల వేరు. 1957లో పేన్, స్పిలేన్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు దీనికి ముఖ్యమైన మాట చేర్చారు. అరుగుదల చాలామందిలో కనిపించినా, వెన్నుపాము దెబ్బతిన్నవారిలో సొరంగం మొదటి నుంచే ఇరుకుగా ఉందని వారు గుర్తించారు. అంటే మొలక ఎంత పెరిగిందన్నది సగం లెక్క. అది పెరిగే చోట జాగా ఎంత మిగిలిందన్నది మిగతా సగం.

తెలుగు నేలలో ఆ జాగాను తినేసే మరో కారణం ముందే వెలుగులోకి వచ్చింది. 1937లో పరిశోధకుడు షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో, నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి వెన్ను కర్రలా బిగుసుకుపోవడాన్ని నమోదు చేశారు. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతం గ్రానైటు నేల. ఆ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. లోతు బోర్లలో నీరు చాలాకాలం రాతిని తాకుతూ ఉంటుంది కాబట్టి ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు ఎన్నో రెట్లున్న నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దళసరి అవుతాయి, వెన్నుపూసలను కట్టి ఉంచే లిగమెంట్లే ఎముకలుగా మారతాయి.

ఇక్కడ రెండు జబ్బులు ఒకే సొరంగంలో కలుస్తాయి. మామూలు అరుగుదల ఒకటి రెండు చోట్ల నొక్కుతుంది. ఫ్లోరోసిస్ సొరంగం గోడలన్నిటినీ దళసరి చేసి, పొడవునా ఇరుకు చేస్తుంది. అలా ఇరుకైన మెడలో చిన్న ఎముక మొలక కూడా పెద్ద హాని చేయగలదు. హైదరాబాదు నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి ఈ రోగులను దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవారిలో సుమారు 10 శాతం మందికి నరాల ఇబ్బందులు వస్తాయని, వాటికి కారణం ఫ్లోరైడ్ నరాన్ని విషపూరితం చేయడం కాదని, ఎముక నొక్కడమేనని ఆయన రాశారు.

ఈ జబ్బు ఎలా బయటపడుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణలో చూడవచ్చు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీరు తాగి పెరిగిన అరవై ఏళ్ల రైతుకు మొదట అంగీ గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. అన్నం ముద్ద కలిపితే వేళ్ల మధ్య జారిపోతుంది. కొన్ని నెలలకు కాళ్లు బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. పగలు పొలం గట్టు మీద ఎలాగో నడిచే మనిషి రాత్రి చీకట్లో తూలిపోతాడు. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. ఇదంతా జరుగుతున్నా మెడ నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. అందుకే దీన్ని వయసనో, పక్షవాతమనో, మోకాళ్ల నొప్పులనో అనుకుని ఏళ్లు గడిపేస్తారు. చేతి తిమ్మిరి ఉంటే మణికట్టు నరం నొక్కుడుగా పొరబడి, చేతికి ఆపరేషన్ చేసిన సందర్భాలూ ఉంటాయి.

కాళ్లకు పోయే ఆజ్ఞల దారులన్నీ మెడ గుండానే వెళ్లాలి. అందుకే మెడలో జబ్బుంటే కాళ్లు బిగుస్తాయి. పాదం ఎక్కడుందో మెదడుకు చెప్పే కబుర్లు వెన్నుపాము వెనుక భాగంలో పైకి వెళతాయి. అవి ఆగితే కళ్లతో చూస్తేనే నిలకడ కుదురుతుంది, కాబట్టి చీకట్లో తూలడం సహజం.

వైద్యుడు దీన్ని సులభంగానే పసిగట్టగలడు. పిడికిలి బిగించి విప్పమంటే ఆరోగ్యవంతుడు పది సెకన్లలో 20 సార్లకు పైగా చేస్తాడు. ఈ రోగి చేయలేడు. నడివేలి గోరును చిటికేసినట్టు తట్టితే బొటనవేలు దానంతటదే ముడుచుకోవడాన్ని హాఫ్‌మన్ గుర్తు అంటారు. ఒక పాదం ముందు మరొక పాదం ఆనిస్తూ నడవమంటే తూలుతాడు. ఎమ్మారై వెన్నుపాము ఎక్కడ నలిగిందో చూపిస్తుంది. ఎక్స్‌రేలో ఎముకలు మామూలుకన్నా తెల్లగా, దట్టంగా కనబడి, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర కూడా ఎముకగా మారితే ఫ్లోరోసిస్ కలిసి ఉందని అర్థం.

లక్షణాలు తేలికగా ఉన్నప్పుడు జాగ్రత్తగా గమనిస్తూ ఉండవచ్చు. నడక, చేతిపని క్షీణిస్తుంటే శస్త్రచికిత్సే దారి. ఒకటి రెండు చోట్ల నొక్కుడైతే గొంతు ముందు భాగం నుంచి డిస్కు తీసి రెండు పూసలను అతికించే పద్ధతి 1950ల నుంచి వాడుకలో ఉంది. పొడవునా ఇరుకైతే, ఫ్లోరోసిస్‌లో తరచు జరిగినట్టు, వెనుక నుంచి పూసల కమాను తెరిచి సొరంగాన్ని వెడల్పు చేస్తారు. రాయిలా గట్టిపడ్డ ఎముకను, అప్పటికే నలిగిన వెన్నుపాము పక్కన తొలచాలి కాబట్టి ఇది కష్టమైన పని.

శస్త్రచికిత్స ప్రధానంగా జబ్బును ముందుకు సాగకుండా ఆపుతుంది. చాలాకాలం నలిగి చచ్చిన పోగులు తిరిగి రావు, అందువల్ల ఆలస్యమైన కొద్దీ కోలుకునే అవకాశం తగ్గుతుంది. నీరు మార్చడం కూడా ఇంతే. కృష్ణా జలం వంటి ఫ్లోరైడ్ తక్కువున్న నీరు అందితే కొత్త హాని ఆగుతుంది, పిల్లలు తప్పించుకుంటారు. కానీ ఇప్పటికే ఎముకగా మారిన లిగమెంటు మళ్లీ మెత్తబడదు, ఇరుకైన సొరంగం వెడల్పు కాదు.