సున్నా, పురుగు బెజ్జమా: ఏటవాలు వెలుగులో తాళపత్ర పఠనం

కాగితంపై అక్షరం సిరా. తాటాకుపై అక్షరం గాటు. లేఖకుడు గంటంతో గీసిన గాటులో మసి రుద్దినప్పుడే అక్షరం నల్లగా కనిపిస్తుంది. మసి రాలిపోయిన ఆకులో మిగిలేది గాటు అంచున పడే నీడ మాత్రమే. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో తాళపత్రాలకు కాగితపు ప్రతులు రాయించినప్పుడు, లేఖకులకు ఆకును వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకునే వీలుండేది. ఛాయాచిత్రం ఆ వీలును తీసివేసి, ఒక్క దిక్కు వెలుగునే స్థిరపరుస్తుంది. యంత్రపఠనంలోని చాలా దోషాలకు మూలం ఇక్కడే ఉంది.

దీపాన్ని ఆకు పొడవు వెంట, ఎడమ కొస నుండి వాలుగా ఉంచితే నిలువు గీతలకు నీడ బాగా పడుతుంది. వెలుగు దిక్కునే సాగే అడ్డగీతలు మాసిపోతాయి. దీపాన్ని పై అంచు వైపుకు మార్చితే అడ్డగీతలు తేలుతాయి. కాని ఆకు ఈనెలూ, వాటి వెంట సాగే పగుళ్లూ అడ్డంగానే ఉంటాయి కనుక అవి కూడా గీతలై కనిపిస్తాయి. అదే సమయంలో ‘డ’ను ‘ఢ’గా మార్చే కింది నిలువు గీత కనుమరుగవుతుంది. అందువల్ల ఒకే ఆకుకు కనీసం నాలుగు దిక్కుల నుండి నాలుగు చిత్రాలు అవసరం.

వాటిని పోల్చినప్పుడు మరక, గాటు వేరుపడతాయి. మరక రంగు మాత్రమే కనుక నాలుగింటిలోనూ అదే ఆకారంలో ఉంటుంది. గాటులో దీపానికి దగ్గరి గోడ నీడలోనూ, దూరపు గోడ వెలుగులోనూ ఉంటాయి; దీపం ఎదురు దిక్కుకు మారితే అవి తారుమారవుతాయి. ప్రతి బిందువునూ నలుపో తెలుపో అని ముందే తేల్చుకునే యంత్రానికి ఒక్క చిత్రమే ఇస్తే ఈ తేడా అందదు.

అన్నింటికంటే మోసపుచ్చేది పురుగు తొలిచిన గుండ్రని బెజ్జం. అది ‘వడి’ అనే మాటలో రెండు అక్షరాల నడుమ పడితే యంత్రం ‘వండి’ అని చదువుతుంది. రెండూ అర్థవంతమైన మాటలే కనుక నిఘంటువుతో సరిచూసినా దోషం బయటపడదు. ఆకు కింద రంగు కాగితం ఉంచి చిత్రం తీస్తే బెజ్జంలో ఆ రంగు కనిపిస్తుంది. గంటపు సున్నలో కనిపించదు. ఆకు వెనుకవైపు చిత్రంలోనూ అదే చోట రంధ్రం ఉండాలి.

అయితే పురుగు తొలిచిన చోటే అసలు సున్న ఉండి ఉండవచ్చు. అప్పుడు చిత్రం ఏమీ చెప్పలేదు, ఛందస్సు చెప్పగలదు. ఆ మాట కందపద్యంలో పాదారంభాన ఉండి, తక్కిన పాదాలు ‘విడిచి’, ‘నుడువు’, ‘పొడవు’ అని మొదలైతే, ప్రాసస్థానంలో సున్న లేని డకారమే ఉండాలి. తొలి అక్షరమూ లఘువే కావాలి. కనుక ‘వడి’ సరైన పాఠం. తక్కిన పాదాల్లో డకారానికి ముందు సున్న ఉంటే ‘వండి’ నిలుస్తుంది. వచనంలో ఈ ఆధారం లేదు. అక్కడ మరో ప్రతి దొరికేవరకు ఆ అక్షరాన్ని సందిగ్ధమని గుర్తుపెట్టి ఉంచడమే పరిష్కర్త చేయవలసిన పని.