ఆన్‌లైన్ ఆటలు, కౌమారం: ఆటకూ రుగ్మతకూ మధ్య గీత

ఆన్‌లైన్ ఆటలు ఆడే కౌమార వయస్కుల్లో చాలామందికి అది ఆటే. కొద్దిమందిలో మాత్రం అది చికిత్స అవసరమైన స్థితికి చేరుతుంది. ఈ రెండింటినీ గంటల లెక్కతో విడదీయలేం. ఆట మీద అదుపు పిల్లవాడి చేతిలో ఉందా, ఆట వల్ల జీవితంలో ఏది చెడిపోయింది అన్నవే అసలు కొలతలు.

ఈ విషయం హైదరాబాద్‌లో తీవ్రంగా చర్చకు వచ్చింది 2019 ఏప్రిల్ మొదట్లో. మల్కాజ్‌గిరిలో పదో తరగతి విద్యార్థి ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్ష ఉండగా ఫోన్‌లో పబ్జీ ఆడుతున్నందుకు ఇంట్లో మందలించారని అప్పటి వార్తలు తెలిపాయి. ‘పబ్జీ బలి తీసుకుంది’ అన్న మాట వెంటనే స్థిరపడిపోయింది. కానీ వార్తల్లో ఉన్నది పరీక్షల వేళ, మందలింపు, చేతిలో ఆట, అంతే. వాటితో ఆ అబ్బాయికి ఆట రుగ్మత ఉందని ఏ వైద్యుడూ నిర్ధారించలేడు. ఆత్మహత్యకు సాధారణంగా ఒక్క కారణం ఉండదు. నేరాన్ని ఆట మీద మోపడం ఎంత తొందరపాటో, మందలించిన తల్లిదండ్రుల మీద మోపడం అంత అన్యాయం. ఆట పేరు పెట్టేసి ఊరుకుంటే, పిల్లవాడి మనసులో ఇంకేం నడిచిందన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పదకొండో కూర్పును 2019 మేలో ఆమోదించారు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ కూర్పులో ‘గేమింగ్ డిజార్డర్’కు చోటు దక్కింది. దానికి మూడు లక్షణాలు కలిసి ఉండాలి. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేతిలో లేకపోవడం. మిగతా ఇష్టాలనూ రోజువారీ పనులనూ ఆట పక్కకు నెట్టేయడం. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆట కొనసాగడం. చదువో, ఇల్లో, స్నేహమో గట్టిగా దెబ్బతినాలి. మామూలుగా ఇదంతా 12 నెలల పాటు సాగితేనే నిర్ధారణ. లక్షణాలు మరీ తీవ్రంగా ఉంటే ఆ గడువు తగ్గొచ్చు. ఈ నిర్వచనంలో రోజుకు ఇన్ని గంటలు అన్న మాట ఎక్కడా లేదు. ఆ లెక్కన వేసవి సెలవుల్లో రెండు నెలలు ఫోన్ వదలని పిల్లవాడు, బడి తెరవగానే దారిలో పడితే, రోగి కాడు.

తార్నాకలో ఉండే ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలను ఊహించుకుందాం. ఇద్దరూ రోజుకు రెండు గంటలు ఆడతారు. మొదటివాడు బడి స్నేహితులతో జట్టు కట్టి, మాట్లాడుకుంటూ ఆడతాడు. ఓడితే చిరాకు పడతాడు, భోజనానికి పిలిస్తే గునుస్తూనే వస్తాడు. ఆదివారం పొద్దున ఉస్మానియా క్యాంపస్ మైదానంలో క్రికెట్ మానడు. రెండోవాడు అందరూ పడుకున్నాక ఆడతాడు, మర్నాడు క్లాసులో తూలుతాడు. ఆ క్రికెట్‌కు వెళ్లడం మానేసి నెలలైంది. ఆటలో వస్తువులు కొనడానికి ఇంట్లో చెప్పకుండా డబ్బు తీశాడు. మానేస్తానని తానే అనుకుని మానలేకపోయాడు. గంటలు సమానమే, ఆందోళన పడాల్సింది రెండోవాడి గురించి. వాడి విషయంలోనూ ఇంకొకటి చూడాలి: దిగులో, బడిలో వేధింపో ముందు వచ్చి, దాని నుంచి తప్పించుకోవడానికి ఆట పట్టాడా? అదే అయితే ఫోన్ లాక్కుంటే ఉన్న ఆసరా పోతుంది, దిగులు అలాగే ఉంటుంది.

ఇళ్లలో గొడవ ఎక్కువగా ఆట మధ్యలో మొదలవుతుంది. పబ్జీ లాంటి ఆటలో దాదాపు వంద మంది దిగుతారు, ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపి మళ్లీ అందుకునే వీలుండదు. లేచి వెళ్తే జట్టు నష్టపోతుంది. అందుకే ‘ఐదు నిమిషాలమ్మా’ అన్న మాటను వ్యసనానికి రుజువుగా తీసుకోకూడదు. ఆ క్షణాన వైఫై కట్టేస్తే వచ్చే కోపం కూడా రుజువు కాదు. ఈ మ్యాచ్ అయ్యాక ఆపాలని ముందే ఒప్పుకుని, అది అయ్యాక ఆపగలుగుతున్నాడా అన్నది చూడాలి. వారాల తరబడి ఆ మాట నిలబడకపోతే అదుపు సడలుతోందన్నమాట.

నిషేధం మీద పెద్దలకు నమ్మకం ఎక్కువ. చైనా 2019లో మైనర్లకు మామూలు రోజుల్లో గంటన్నర పరిమితి పెట్టింది. 2023లో వెలువడిన ఒక పరిశోధన కోట్లాది గంటల ఆట సమాచారాన్ని పరిశీలించి, ఆ నిబంధన తర్వాత అతిగా ఆడటం తగ్గిందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని తేల్చింది. మన దేశంలో 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించారు. 2021లో దాదాపు అదే ఆట మరో పేరుతో వచ్చింది. పందెం కాసే ఆటల సంగతి వేరు. అక్కడ పోయేది డబ్బు కూడా కాబట్టి 2025 నాటి కేంద్ర చట్టం వాటిని ఈ-స్పోర్ట్స్ నుంచి విడదీసి నిషేధించడం సబబే.

చచ్చిపోతానన్న మాట, ఇష్టమైన వస్తువులు పంచేయడం, ఒక్కసారిగా అందరికీ దూరమవడం కనిపిస్తే ఆట ఎన్ని గంటలన్న లెక్క వదిలేయాలి. పిల్లవాడిని ఒంటరిగా వదలకుండా, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి. అలా అడిగితే ఆ ఆలోచన పుట్టదు. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రమాదం ఆ క్షణానే ఉందనిపిస్తే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.